వాకబుకి ఇచ్చిన మూడో నంబరు

ఏడో తరగతి పరీక్ష నన్ను రెండుసార్లు వద్దంది. మూడోసారి అది నోరు తెరిచేలోపు నేనే దాన్ని వద్దన్నాను. మా నాన్న దీన్ని చదువు చెడడం అనేవాడు. నేను మర్యాదగా విడిపోవడం అంటాను. అలాంటివాణ్ణి తొంభైల చివర్లో, ఐ.పోలవరం దగ్గరున్న ఒక రొయ్యల కంపెనీ తన కొనుగోళ్ళ గదిలో, ఫోను ముందు కూర్చోబెట్టింది. కుర్చీకి చక్రాలుండేవి. మొదటి వారం కంపెనీ కోసం నేను కొన్నదేమీ లేదు, గదంతా చుట్టొచ్చాను.

అంతకుముందు అదే కంపెనీ గేటు దగ్గర రొయ్యల ట్రేలు దింపేవాణ్ణి. నా నోరు చూసి పైకి తీసుకున్నారు. మేనేజరు గారిది కేరళ. ఆయనకి తెలుగు అర్థమయ్యేది కానీ ఏ మాటకామాటే అర్థమయ్యేది. మాట వెనక దాక్కున్న వెటకారం ఆయన దాకా చేరేది కాదు. చెరువుల రైతులతోనూ లారీలవాళ్ళతోనూ మాట్లాడడానికి ఆయనకొక గోదావరి నోరు కావలసివచ్చింది. చదువు లేదండీ అంటే, "నోరుంది కదా, చాలు" అన్నారు.

ఆ నోటికి ఇంకో విద్య కూడా ఉందని ఆయనకి తెలీదు. గొంతులు మార్చగలను. ఊరికే ఫోను దొరికాక ఆ విద్య ఊరుకుంటుందా? రాజోలు వైపు రొయ్యల చెరువులు చేసే స్నేహితుడొకడు ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పట్నుంచీ ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. నా విద్యంతా వాడి మీదే. ఒకసారి కరెంటాఫీసు ఇంజనీరునై వాడి మోటార్లన్నీ ఆపించాను. ఇంకోసారి మత్స్యశాఖవాణ్ణై, మీ చెరువులో మొసలి ఉందని ఫిర్యాదొచ్చిందన్నాను. పాపం, వెదురుగడలు పట్టుకుని మధ్యాహ్నం దాకా వెతికారు. మూడోసారి రేడియోవాణ్ణై రొయ్యల సాగు మీద వాడి అనుభవాలడిగాను. అరగంట చెప్పాడు. సాయంత్రం చుట్టాలందర్నీ పిలిచి రేడియో చుట్టూ కూర్చోబెట్టాడు. రేడియోలో పశువుల గాలికుంటు గురించి చెప్పారట.

"నాలుగోసారి నీకు దొరికితే నా మీసం తీసేసుకుంటాను బావా" అన్నాడు ఆ తర్వాత. వాడి మీసానికి మా ఇద్దరిలోనూ మంచి గౌరవం ఉండేది.

ఇక ఐసు సంగతి. చెరువులో పట్టుబడి మొదలయిందంటే వల లాగేసరికి ఐసు గట్టు మీద ఉండాలి. ఐసు గంట ఆలస్యమైతే రొయ్య మెత్తబడిపోతుంది, మెత్తబడినదాన్ని ఎగుమతికి ఎవరూ తీసుకోరు. ఐసు చేసిన నీళ్ళు కూడా తాగేంత మంచివై ఉండాలి. మా కంపెనీ అప్పటిదాకా ఏ పూటకి ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర ఐసు తీసుకునేది. ఆ ఏడు మాత్రం చెరువులన్నిటికీ మూడేళ్ళపాటు ఒకరి దగ్గరే తీసుకుందామనుకున్నారు. రెండు కొటేషన్లు మిగిలాయి. ఒకటి గోదావరి అవతలి పెద్ద ఫ్యాక్టరీది. రెండోది అమలాపురం పక్కన, కాలవ గట్టు మీద చిన్న ఐసు ఫ్యాక్టరీ నడిపే పెద్దాయనది. ఆయన్ని నేను బాబాయ్ గారూ అని పిలిచేవాణ్ణి. మా నాన్నకి స్నేహితుడు. ఆయన కంప్రెషరు చప్పుడు వింటూ కూర్చుంటే, దాని ఆరోగ్యం ఆయనా, ఆయన ఆరోగ్యం అదీ చూసుకుంటారని నేను ఏడిపించేవాణ్ణి.

ఆయన దగ్గర ఎనిమిది మంది పనివాళ్ళు. వానాకాలంలో ఐసుకి గిరాకీ పడిపోగానే సగం మందిని ఇంటికి పంపాలి, మళ్ళీ సీజనుకి వాళ్ళు ఇంకెక్కడో చేరిపోయి ఉంటారు. మూడేళ్ళ కాంట్రాక్టు వస్తే ఏడాది పొడుగునా ఎనిమిది మందినీ ఉంచుకోవచ్చు, మూలనున్న రెండో కంప్రెషరు కూడా తిప్పొచ్చు. ఆయన ఆశంతా అదే. నాతో ఒకటికి రెండుసార్లు చెప్పారు.

రెండు రేట్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. అందుకని హెడ్డాఫీసువాళ్ళు ఇద్దరికీ ఇంగ్లీషులో ఒక ఉత్తరం పంపమన్నారు. గత ఏడాదిలో మీ దగ్గర ఇంచుమించు ఇంతే ఐసు కొన్న ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వండి. బంధువులు కాకూడదు. మేం ఫోను చేసి అడగడానికి వాళ్ళ ఒప్పుదల తీసుకోండి. సరుకు గురించి వాళ్ళ అభిప్రాయం ఈ మధ్య రాసిచ్చి ఉంటే జత చేయండి. ఉత్తరం సారాంశం అదీ. బాబాయ్ గారి కాపీ నేనే పట్టుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"రిఫరెన్సు అంటే ఏంట్రా? సిఫార్సా? ఎమ్మెల్యే గారి తమ్ముడి చేత రాయించనా?"

"సిఫార్సు కాదు బాబాయ్ గారూ, వాకబు. సంబంధం కుదుర్చుకునే ముందు పిల్లాడి గురించి పక్కింట్లో అడుగుతారు చూడండి, అదీ."

"ఈ వయసులో నాకు వాకబేంట్రా! పాతికేళ్ళనించీ ఈ కాలవ గట్టు మీదే ఉన్నాను కదా."

"పిల్లాడు ముదిరిపోయేడు కాబట్టే మరింత గట్టిగా అడుగుతారండి."

ఆయన నవ్వేరు. నవ్వు ఆగాక మొహం చిన్నబోయింది. "నేనెలాంటివాణ్ణో నేను చెప్తే చాలదన్నమాట" అన్నారు. అప్పుడే ఒక మంచి మాట అనవలసింది. అది అనకుండా, "మీరు చెప్తే మీసం మెలేసి చెప్తారు, అందుకని" అన్నాను.

మర్నాడు పాత క్యాలెండరు వెనక మూడు పేర్లు రాసిచ్చారు. మొదటిది కాట్రేనికోన వైపు రొయ్యల ఏజెంటు. రెండోది అంతర్వేదిలో చేపల వ్యాపారం చేసే ఆవిడ. మూడోది చూసి నేను ఉలిక్కిపడ్డాను. మా బావ. ఆ ఏడు రాజోలు వైపు అందరికంటే ఎక్కువ ఐసు తీసుకున్నది వాడేనట. మొదటి ఇద్దరూ కాగితం మీద రెండేసి ముక్కలు రాసిచ్చారు. మా బావ మాత్రం, రాయడం నాకు చేతకాదండీ, ఫోను చేస్తే నోటితోనే చెప్తానన్నాడట.

"కుర్రాడు నిజాయితీపరుడ్రా, ఉన్నదున్నట్టు చెప్తాడు" అన్నారు బాబాయ్ గారు.

ఫోన్లు చేసే రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనేజరు గారు నన్ను తన గదిలోకి పిలిచారు. ఆయన బల్ల మీద, రిసీవరు ఎత్తకుండానే అందరికీ వినబడే ఫోను ఉండేది. ఒక కాగితం మీద ఆరు ప్రశ్నలు టైపు చేయించారు. ఎన్నాళ్ళుగా కొంటున్నారు, సీజన్లో రోజుకెంత, టైముకి వస్తుందా, ఐసు గట్టిగా ఉంటుందా నీళ్ళు మంచివేనా, ఏడాదిలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా వస్తే ఎలా సర్దారు, మళ్ళీ కొంటారా. అందర్నీ ఇవే అడగాలి, ఇదే వరసలో అడగాలి. జవాబులు ఆయన రాసుకుంటారు.

"ఒక మాట. ఈ ముగ్గురిలో నీకు తెలిసినవాళ్ళున్నారా? ఉంటే ఫోను నువ్వు చేయకూడదు. గుమాస్తా చేస్తాడు."

నిజం చెబితే ఆ పని గుమాస్తాకి పోతుంది. పెద్ద కాంట్రాక్టులో నేను పాల్గొనడం అదే మొదటిసారి. చక్రాల కుర్చీ నాకు అలవాటైపోయింది. "ఎవరూ తెలీదు సార్" అన్నాను. నా జీవితంలో వెటకారం లేకుండా ఆడిన అబద్ధాలు తక్కువ. వాటిలో అదొకటి.

మొదట ఏజెంటు గారు.

"ఐసు టైముకి వస్తుందాండీ?"

"ఆయ్."

"దిమ్మలు గట్టిగా ఉంటాయాండీ?"

"ఆయ్, ఆయ్."

"ఏడాదిలో ఏమైనా ఇబ్బంది వచ్చిందాండీ?"

"ఆయ్."

మేనేజరు గారు కలం ఆపి నా వంక చూశారు. నేను మళ్ళీ అడిగాను, "ఇబ్బంది వచ్చిందాండీ, రాలేదాండీ?" "అబ్బే, అదేంటండీ, ఆయన చాలా మంచోరండి" అన్నారు ఏజెంటు గారు. అంతర్వేది ఆవిడా అంతే. ఆరు ప్రశ్నలకీ తొమ్మిది ఆయ్‌లు, ఆఖర్న "భోంచేసేరాండీ తమరు?" మావైపు ఆయ్ అంటే వింటున్నానండీ అని ఒక అర్థం, అవునండీ అని ఇంకో అర్థం, తమరెలాగంటే అలాగేనండీ అని మూడో అర్థం. ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయనకి విసుగొచ్చింది.

"ఇది మర్యాద, అభిప్రాయం కాదు. నిజం చెప్పేవాడు ఒక్కడైనా కావాలి" అన్నారు.

మూడో నంబరు తిప్పాను. అవతల మా బావ గొంతు.

నేను వెన్ను నిటారుగా పెట్టుకున్నాను. మేనేజరు గారు ఎదురుగా ఉన్నారు కాబట్టి గొంతులోకి పెద్దరికం దానంతటదే వచ్చింది. "నమస్కారమండీ, రొయ్యల ఎగుమతి కంపెనీ కొనుగోళ్ళ విభాగం నుంచి మాట్లాడుతున్నామండీ. మీకు ఐసు సరఫరా చేసేవారి గురించి తమ అభిప్రాయం తెలుసుకుందామనీ..."

నా పెద్దమనిషి గొంతులన్నీ వాడికి తెలుసు. వాకబు సంగతి తెలిసి ఆట పట్టిస్తున్నానని, అందులో ఇదొకటనుకున్నాడు.

"ఓహో, తమరాండీ! చెప్పండి చెప్పండి" అన్నాడు. ఆ 'తమరు' వినగానే నాకు అర్థమైపోయింది. ఈసారి దొరకనన్న ధీమా అది.

"ఐసు టైముకి వస్తుందాండీ?"

"టైముకాండీ? ఐసు వచ్చేసరికి నా రొయ్యలు ముసలివైపోతాయండి. పట్టుబడి పొద్దున్నయితే ఐసు మర్నాడు పలకరించడానికొస్తుంది."

మేనేజరు గారు రాసుకుంటున్నారు. ఆపొచ్చు. ఒరేయ్ బావా, నేనేరా, ఇది నిజం ఫోనురా అంటే చాలు. ఆరు మాటలు. కానీ ఎవరూ తెలీదన్న మాట అరగంట క్రితమే నా నోట్లోంచి వచ్చి ఆ బల్ల మీద కూర్చుంది.

"మరి... దిమ్మలూ, నీళ్ళూ ఎలా ఉంటాయండీ?" మూడో ప్రశ్న తర్వాత నాలుగోది, అదే వరసలో.

"నీళ్ళు ఫస్టు క్లాసండి! ఉప్పునీళ్ళతో చేస్తారు కదండీ, రొయ్యలకి మళ్ళీ ఉప్పేసుకోక్కర్లేదు. అన్నట్టు తమరి రేడియోలో ఇదెప్పుడొస్తుందండీ?"

ఫోను పెట్టేశాక మేనేజరు గారు అడిగారు, "రేడియో అన్నాడు, ఏమిటది?"

"వాళ్ళింట్లో రేడియో మోగుతున్నట్టుంది సార్" అన్నాను.

ఆయన కాగితం కేసి చూస్తూ తల ఊపారు. "ఇతను ఒక్కడే మొహమాటం లేకుండా చెప్పాడు" అన్నారు. మర్యాదస్తులిద్దరూ చెప్పిన మంచి అక్కరకు రాలేదు, వేళాకోళగాడు చెప్పిన చెడు నిజమైపోయింది.

ఆయన న్యాయమైన మనిషి. ఒకడి మాట మీద తీర్పు చెప్పకూడదని, సరఫరాదారుణ్ణే అడగమన్నారు, ఎవరన్నారో చెప్పకుండా. నేనే ఫోను చేశాను. "నీళ్ళెక్కడివి బాబాయ్ గారూ?" "అదేంట్రా, తాగే నీళ్ళే. టెస్టు కాగితం ఇచ్చేను కదా" అన్నారు. ఇచ్చారు నిజమే, కానీ అది ఏడాది దాటిన కాగితం. కొత్తది కావాలంటే నీళ్ళు కాకినాడ పంపాలి, ఫలితం వచ్చేసరికి పట్టుబళ్ళు మొదలైపోతాయి. గోదావరి అవతలివాళ్ళ కాగితం కిందటి నెలది. వాళ్ళ కస్టమర్లు ఫోన్లో, ఫలానా రోజు రెండు లోడ్లు ఆలస్యమయ్యాయి, మర్నాటి నుంచి ఇంకో లారీ పెట్టారు అని ఇబ్బందితో సహా పూస గుచ్చినట్టు చెప్పారు. మేనేజరు గారు అటే మొగ్గారు. ఆయన చోట నేనున్నా అటే మొగ్గేవాణ్ణి.

ఇక్కడితో అయిపోయి ఉంటే పొరపాటనుకుని ఊరుకునేవాణ్ణేమో.

సంతకాలు బుధవారం. మంగళవారం మా బావ సీజనుకి ముందు పట్టిన చిన్న రొయ్యల లోడుతో మొదటిసారి మా కంపెనీకి వచ్చాడు. గేటు దగ్గర్నుంచే నవ్వుకుంటూ, మీసం దువ్వుకుంటూ.

"ఏం బావా, నాలుగోసారి దొరికేనా? గొంతు బాగా పెట్టేవు గానీ, కొనుగోళ్ళ విభాగవట, విభాగవు! నేను కూడా తగ్గలేదు చూసేవా? ఉప్పునీళ్ళ ఐసు ఎలా ఉంది?"

నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం వాడెప్పుడూ చూడలేదు.

"బావా... అది నిజం ఫోనా?"

తల ఊపాను.

వాడి చెయ్యి మీసం మీదనించి కిందకి దిగింది. "అయ్య బాబోయ్. ఆ పెద్దాయన మా గట్టు మీదకి వానలో కూడా ఐసు దింపించేరు. ఒక్క రోజు ఆలస్యం లేదు. పద బావా, మీ సార్‌తో నేను చెప్తాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పద."

వాడు మెట్ల వైపు నడిచాడు. పైకి వెళ్తే మొదట వచ్చే ప్రశ్న నాకు తెలుసు. నీకు ఇతను తెలుసా?

"ఇప్పుడెందుకులే బావా, సంతకాలైపోయేయి" అన్నాను.

వాడు మెట్ల దగ్గర ఆగిపోయాడు. లోడు దింపించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను వాడికి ఏ గొంతుతోనూ ఫోను చేయలేదు. వాడూ నన్ను బావా అని పిలవడం మానేసి, ఎదురుపడితే 'ఏవండీ' అనడం మొదలుపెట్టాడు. మావైపు ఒకణ్ణి దూరం పెట్టడానికి తిట్టక్కర్లేదు, అండీ చాలు.

మర్నాడు సంతకాలయ్యాయి. కాంట్రాక్టు రాలేదన్న ఉత్తరం అందిన రోజు బాబాయ్ గారు ఫోను చేసి, "కస్టమర్లలో ఎవరో ఏదో అన్నారట కదరా. ఎవరని అడగన్లే. ఏవన్నారో తెలిస్తే దిద్దుకుంటాను" అన్నారు. నాకు తెలీదండీ అన్నాను. అప్పటికది నాకు వాడుకలోకి వచ్చేసిన మాట.

ఆ వానాకాలం ఆయన నలుగుర్ని ఇంటికి పంపారు. సీజనుకి ఇద్దరే తిరిగొచ్చారు. రెండో కంప్రెషరు ఎవరో కొని, విప్పి పట్టుకెళ్ళారు. ఫ్యాక్టరీ మూతపడలేదు, చిన్నదైపోయింది. సోడా బళ్ళకీ, చేపల బుట్టలకీ, పెళ్ళిళ్ళకీ ఐసు అమ్ముకుంటూ నడిచేది. దిమ్మలు మాత్రం అలాగే గట్టిగా ఉండేవి. సూర్యుడికి పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేవాడు.

కొన్నేళ్ళకి మా కంపెనీ ఇక్కడ పని చాలించుకుంది. మేనేజరు గారు కేరళ వెళ్ళిపోయారు. నేను చక్రాల కుర్చీ వదిలి నాలుగు చక్రాల వ్యాను కొనుక్కున్నాను. ఎదగడం అంటే ఇదేనని అందరికీ చెప్పుకున్నాను. మొదటి ఆరు నెలలూ కిరాయిలు లేవు. అప్పుడు బాబాయ్ గారే కబురు పంపారు. "ఖాళీగా తిప్పడం ఎందుకురా, నా ఐసు వెయ్యి." అలా ఆయన ఐసు నేను రెండేళ్ళు మోశాను. రోజూ ఊక కప్పి, గోనె పరిచి, తాళ్ళు కట్టేటప్పుడు చెబుదామనుకునేవాణ్ణి. తాడు బిగించేసరికి ఏదో జోకు వచ్చేది. మొహమాటపడేవాడికి జోకు అడ్డం పెట్టుకోవడం తేలిక. నాకు ఎప్పుడూ తేలికగానే ఉండేది.

తర్వాత తాటిపాక వైపు ఒక పెద్ద కాంట్రాక్టరు, తన సైటుకి సామాను తోలడానికి ఏడాది మొత్తానికి వ్యాన్లు కావాలన్నాడు. నేను దరఖాస్తు పెట్టాను. వారంలో ఉత్తరం వచ్చింది. ఈసారి ఇంగ్లీషు చదివించుకోనక్కర్లేకపోయింది. గత ఏడాదిలో మీ చేత పని చేయించుకున్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు. వాళ్ళ అభిప్రాయం. ఒప్పుదల.

నాకు చెప్పుకోదగ్గ కస్టమరు ఒక్కరే.

సాయంత్రం వెళ్ళాను. ఆయన ఫ్యాక్టరీ ముందు స్టూలు మీద కూర్చుని, ఐసు దిమ్మ మీద ఊక చేత్తో సర్దుతున్నారు. ఉత్తరం జేబులో ఉంది. అది తీయాలంటే ముందు నా పాత అబద్ధం బయటికి రావాలి. నిలబడే చెప్పాను. ఎవరూ తెలీదన్న మాట, రేడియో, మంగళవారం, సంతకాలైపోయాయని చెప్పడం, అవి నిజానికి మర్నాడు బుధవారం జరగడం. మధ్యలో ఒక్క జోకు కూడా రాలేదు.

ఆయన ఊక సర్దడం ఆపలేదు.

"ఏవన్నారని నేను నిన్నడిగిన మర్నాడే ఆ కుర్రాడు వచ్చి చెప్పేడ్రా. ఇక్కడే కూర్చుని ఏడ్చేడు. ఆ ఫోను చేసింది నువ్వేనని నాకు అప్పట్నుంచీ తెలుసు." గోనె లాగి కప్పుతూ, "మీ సార్‌తో అన్న మాటా, ఆ మంగళవారానికి సంతకాలవలేదన్నదీ నాకు కొత్త" అన్నారు.

చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయనే అడిగారు, "ఆ జేబులో ఏంటి?"

ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నారు, తీసేశారు, మళ్ళీ పెట్టుకున్నారు. చివరిదాకా చదివి మడత పెట్టి నాకు తిరిగి ఇచ్చారు.

"రాసుకోరా, నా నంబరు. ఫోను చేస్తే మాత్రం, ఈ మనిషి మీకు తెలుసా అని ముందు అడుగుతారు కదా. అప్పుడు నువ్వు మీ సార్‌కి చెప్పిన జవాబే నేనూ చెప్తాను."